సుద్దతో కెఫే మెనూ బోర్డు: కొలతల నుంచి ధరల దాకా

శుక్రవారం, కొలతలు

తిరుపతిలో బాలాజీ కాలనీ దగ్గర ఒక సందులో మాకు తెలిసిన అక్క చిన్న కెఫే పెట్టింది. ఆరు టేబుళ్ళు, ఒక కౌంటరు, అంతే. కౌంటరు వెనక గోడకి ఇప్పటిదాకా ఒక ఫ్లెక్సీ వేలాడుతోంది. పదకొండు ఐటెములూ ఒకే సైజులో, ఒకే ఎరుపులో, పైన కెఫే పేరు మాత్రం గోడంత పెద్దది. దాని బదులు సుద్దతో రాసే బోర్డు పెడదామని నన్ను పిలిచింది.

"బోర్డు ముందరే నిలబడి ఏముందమ్మా అని నన్నే అడుగుతారు. ఇంక బోర్డు ఎందుకు చెప్పు తమ్ముడూ?" అంది అక్క.

నా జవాబు ఒక్కటే. కెఫే పేరు బయట బోర్డు మీద ఉంది, లోపలికొచ్చినవాడికి దానితో పనిలేదు. లోపలి బోర్డులో మొదటి స్థానం అమ్మాలనుకున్న వస్తువుదే. అక్క దగ్గర అది ఫిల్టర్ కాఫీ. మిగతా పదిలో ఐదు తాగేవి, ఐదు తినేవి. కాబట్టి బోర్డు మీద వరసలు నాలుగు: కాఫీ, విభాగాల పేర్లు, ఐటెములు, వాటి ఇంగ్లిష్ పేర్లు. తిరుపతి కాబట్టి ఇంగ్లిష్ తప్పదు. తమిళనాడు, కర్ణాటక నుంచి కొండకొచ్చినవాళ్ళు కూడా ఈ సందులోకి వస్తుంటారు.

టేపు పెట్టి కొలిచాను. కౌంటరు దగ్గర నిలబడినవాడి కళ్ళకీ గోడకీ మధ్య ఏడు అడుగులు. లైను చివర ఉన్నవాడికి 12. గుమ్మం నుంచి చూస్తే 20. సైన్‌బోర్డులు రాసేవాళ్ళకి ఒక మోటు లెక్క ఉంది: ఇంగ్లిష్ పెద్దక్షరానికి ప్రతి పది అడుగుల దూరానికీ ఒక అంగుళం ఎత్తు కావాలి. అది ఇంగ్లిష్ పెద్దక్షరాల సంగతి. మన అక్షరాల లోపల మెలికలు ఎక్కువ, అందుకని తెలుగుకి నేను ఆ ఎత్తు మీద ఒకటిన్నర రెట్లకు పైగానే వేసుకుంటాను. ఐటెముల్ని కౌంటరు దగ్గర చదివితే చాలు. విభాగాల పేర్లు లైను చివరికి అందాలి. కాఫీ గుమ్మంలోకే కనబడాలి.

అలా తేలిన ఎత్తులు: ఐటెముకి ఒకటింబావు అంగుళం, విభాగానికి రెండు, కాఫీకి మూడున్నర. ఇంగ్లిష్‌కి ముప్పావు. ఐటెముకీ విభాగానికీ మధ్య తేడా ముందు పావు అంగుళమే పెట్టి కాగితం మీద చూశాను. అది తేడాలా అనిపించలేదు, చెయ్యి తిరగనివాడు రాసినట్టు అనిపించింది. ఒక మెట్టు నుంచి పై మెట్టుకి కనీసం ఒకటిన్నర రెట్లు ఉంటేనే ఇది కావాలని పెట్టిన తేడా అని కన్ను ఒప్పుకుంటుంది.

శనివారం, కాగితం మీద

బోర్డు నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. చుట్టూ రెండేసి అంగుళాలు వదిలేస్తే రాసుకోడానికి 44 వెడల్పు, 32 ఎత్తు మిగులుతుంది. చాలా అనిపిస్తుంది గానీ తెలుగుకి ఇది ఇరుకే.

ఇంగ్లిష్‌లో ఒక సౌకర్యం ఉంది. అన్నీ పెద్దక్షరాల్లో రాస్తే తలలూ తోకలూ లేకుండా ఒక పట్టీలా వస్తుంది, ఆ పట్టీయే శీర్షిక. తెలుగులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అని లేవు. పైన గుడి, ఏత్వం, పొల్లు ఉంటాయి. కింద వత్తు ఉంటుంది. నేను చెప్పిన ఎత్తులన్నీ తలకట్టు తీసేసిన "ర" ఎత్తులు, అంటే అక్షరం ఒంటి కొలత మాత్రమే. దాని మీద గుడి కోసం సుమారు సగం, కింద వత్తు కోసం సగం కన్నా కాస్త ఎక్కువ కావాలి. మొత్తం కలిపితే ఒంటికి రెండింతల పైచిలుకు. మూడున్నర అంగుళాల "ఫిల్టర్ కాఫీ" ఏడు అంగుళాలు దాటి తినేస్తుంది. అందులో గుడి ఉంది, టవత్తు ఉంది, పొల్లు ఉంది, ఏ వైపూ తగ్గించే వీలు లేదు.

కాబట్టి మిగతాచోట పొదుపు చేయాలి. విభాగాలకి అక్క చెప్పిన పేర్లు "డ్రింక్స్", "టిఫిన్లు". రెండింట్లోనూ వత్తులున్నాయి. "తాగేవి", "తినేవి" అని రాస్తే కింద ఏమీ ఉండదు, రెండు అంగుళాల అక్షరం మూడు అంగుళాల్లో సరిపోతుంది. పైగా రెండూ మూడేసి అక్షరాలు, చివర ఒకేలా ముగుస్తాయి, పక్కపక్కన జంటగా కూర్చుంటాయి. అక్కకి కూడా నచ్చింది.

ఐటెముల దగ్గర అసలు చిక్కు వచ్చింది. ఎడమవైపు తాగేవి: అల్లం టీ, బెల్లం కాఫీ, నన్నారి షర్బత్, మజ్జిగ, మామిడి జ్యూస్. కుడివైపు తినేవి: కారం దోశ, గుంత పొంగణాలు, మసాలా బొరుగులు, బ్రెడ్ ఆమ్లెట్, బన్ బటర్ జామ్. చదివి చూడండి. ఎడమవైపు ప్రతి పేరులోనూ వత్తు ఉంది. కుడివైపు బ్రెడ్ ఆమ్లెట్‌లో తప్ప ఎక్కడా లేదు. రెండు వరసల్నీ ఒకే ఎడంతో రాస్తే ఎడమ పక్క కిక్కిరిసి, కుడి పక్క ఊడిపోయినట్టు కనబడుతుంది. పేర్లు మార్చలేం, అమ్మేవి అవే.

ఇంగ్లిష్ పేరుతో ఇంకో తగాదా. అది తన తెలుగు పేరుకి దగ్గరగా, కింది ఐటెముకి దూరంగా ఉండాలి. లేకపోతే దోశ కింద రాసింది పొంగణాలకి పైన రాసినట్టు చదువుతారు. కుడివైపు వత్తుల చోటు ఖాళీగా ఉంటుంది కాబట్టి ఇంగ్లిష్‌ని కిందెక్కడో రాస్తే సరిగ్గా మధ్యలో వేలాడుతుంది, ఎవరి సొత్తో తెలియదు.

తేల్చుకున్నది ఇది. తెలుగు పేర్ల అడుగు గీత రెండువైపులా ఒకే మట్టంలో, మూడున్నర అంగుళాలకి ఒకటి చొప్పున కదలకుండా ఉంటుంది. ఇంగ్లిష్ మాత్రం కదులుతుంది. వత్తు లేనిచోట పైకి జరిగి వత్తు చోట్లో కూర్చుంటుంది, వత్తు ఉన్నచోట దాని కిందికి దిగుతుంది. ఎడమ పక్క బరువు కిందికి కొద్దిగా లాగినట్టు ఉంటుంది, నిజమే. కానీ చదివేవాడి కన్ను పట్టుకునేది తెలుగు గీతనే. ఆ గీత ఎడమ నుంచి కుడికి తిన్నగా ఉంటే ఇంగ్లిష్ అర అంగుళం అటూ ఇటూ అయినా ఎవరూ గమనించరు.

మొత్తం కూడితే కాఫీకి ఏడున్నర, ఖాళీ ఒకటిన్నర, విభాగాలకి మూడు, ఐటెములకి పదిహేడున్నర. అడుగున రెండున్నర అంగుళాల పట్టీ ఒకటి మిగిలింది. దాని సంగతి తర్వాత.

ఆదివారం, పలక తయారీ

పలక అంటే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని మీద బ్లాక్‌బోర్డ్ పెయింట్ రెండు కోట్లు, మధ్యలో ఉప్పు కాగితంతో ఒకసారి రుద్దడం. అది వడ్రంగి చేసి ఆరబెట్టి మూడు రోజులు దాటింది. కొత్త పలక మీద నేరుగా రాయకూడదు. మొదట రాసిన గీత పెయింట్ సన్నటి రంధ్రాల్లోకి దిగి, తుడిచాక కూడా మసకగా కనబడుతూ ఉంటుంది. అందుకని సుద్దముక్కని అడ్డంగా పట్టుకుని పలకంతా నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పులిమి, పొడి గుడ్డతో తుడిచేశాను. ఆ రంధ్రాలన్నీ ముందే సుద్దతో నిండిపోతాయి. పలక నల్లగా కాక బూడిద నలుపుగా మారుతుంది. అదే మంచిది, రేపు తుడిచిన మరకలు కూడా అదే రంగులో కలిసిపోతాయి.

సుద్ద రంగు మార్కర్లు కూడా తెచ్చాను. వాటితో గీత తెల్లగా, అంచు కోసినట్టు వస్తుంది. కానీ అవి నీళ్ళలో కలిపిన రంగు, సుద్దపొడి కాదు. పలక మూలలో ఒక గీత గీసి రాత్రంతా వదిలేశాను.

సోమవారం, ఏది దేనితో

మూలలో మార్కర్ గీతని తడిగుడ్డతో తుడిస్తే పోయింది, కానీ నీడ మిగిలింది. గాజు పలక అయితే పూర్తిగా పోయేది, పెయింట్ వేసిన చెక్క మీద ఇంతే.

అయితే ఆ నీడ ఎక్కడ పడితే నష్టం? మారే చోట. కాఫీ పేరు మారదు, తాగేవి తినేవి మారవు. అవి చెరిగినా మళ్ళీ అదే చోట అవే అక్షరాలు రాస్తాను, నీడ ఉంటే గీత గీసుకునే పని కూడా తప్పుతుంది. కాబట్టి పై రెండు మెట్లకీ మార్కర్. ఐటెములు అప్పుడప్పుడు మారతాయి, వాటికి తడి సుద్ద. ధరలు ఎప్పుడైనా మారతాయి, వాటికి పొడి సుద్ద. పెద్దదానికి తక్కువగా మారే గుణం, చిన్నదానికి ఎక్కువగా మారే గుణం ఉండటం ఇక్కడ కలిసొచ్చింది.

తడి సుద్ద అంటే ముక్క మొనని నీళ్ళలో కొద్దిసేపు ముంచి రాయడం. రాసేటప్పుడు గీత పాలిపోయి అసలు పడిందో లేదో అన్నట్టు ఉంటుంది, కంగారుపడి మళ్ళీ దిద్దకూడదు. ఆరాక చిక్కటి తెలుపు తేలుతుంది. దీన్ని పొడి డస్టర్ చెరపలేదు, తడిగుడ్డ కావాలి. పక్కనే ధర తుడిచేటప్పుడు పేరు చెక్కుచెదరకుండా ఉండటానికి అదే ఆసరా.

మంగళవారం, రాత

మధ్యాహ్నం మూడు తర్వాత కెఫే ఖాళీ. దారానికి సుద్దపొడి పట్టించి, రెండు చివర్లూ మేకులకి బిగించి, మధ్యలో లాగి వదిలితే పలక మీద తిన్నటి గీత పడుతుంది. ప్రతి తెలుగు వరసకీ నాలుగు గీతలు: గుడి పై అంచు, ఒంటి పై అంచు, అడుగు, వత్తు అడుగు. మధ్య రెండే ముఖ్యం. పై గీతని గుడి, కింది గీతని వత్తు దాటకపోతే చాలు.

రాతలో మూడు రకాలు వాడాను, మూడింటికీ మూల గీత ఒకటే. ఐటెములు ఒంటిగీత గుండ్రటి అక్షరాలు. విభాగాలు రెండు గీతల మధ్య ఖాళీ ఉంచిన అక్షరాలు. కాఫీ అదే ఖాళీని నింపిన లావు అక్షరం, పక్కన పసుపు నీడ. అంటే ముందు ఒంటిగీతతో రాసి, దాని చుట్టూ ఇటూ అటూ గీసి, తర్వాత నింపడమే. ఇలా ఒకే గుండ్రం మీద కట్టినవి కాబట్టి మూడూ ఒకే ఇంటి అక్షరాల్లా ఉంటాయి. ఇంగ్లిష్ మాత్రం నిటారుగా, ఎడంగా, అలంకారం లేకుండా.

బోర్డు రాస్తున్నానని తెలిసినవాళ్ళంతా బాపు అక్షరాలు వేయమన్నారు. శుభలేఖ మీద అవి నాకూ ఇష్టమే. కానీ ఆ రాత బతికేది మందం, సన్నం తేడా మీద. ఒకటింబావు అంగుళంలో సుద్దముక్కతో ఆ తేడా నిలబెట్టలేం, మొన అరిగేకొద్దీ సన్నగీతలన్నీ మందంగా మారిపోతాయి. ఒంటిగీతకి ఆ బాధ తక్కువ. ఒక్కో అక్షరం అయ్యాక ముక్కని వేళ్ళ మధ్య కొంచెం తిప్పితే మొన అన్ని వైపులా సమంగా అరుగుతుంది, గీత మందం మారదు. మరీ మొద్దుబారితే ఉప్పు కాగితం మీద రెండుసార్లు రుద్దుతాను.

లావు అక్షరంలో జాగ్రత్తపడాల్సింది వత్తు దగ్గర. "ల్ట" రాసేటప్పుడు ఒంటికి ఇచ్చిన మందమే వత్తుకీ ఇస్తే అది ముద్ద అవుతుంది. నల్ల పలక మీద తెల్లగీత ఉన్నదానికన్నా లావుగా కనబడుతుంది, లోపలి ఖాళీలు పూడిపోయినట్టు అనిపిస్తాయి. అందుకని వత్తు గీత కొంచెం సన్నం చేసి, లోపలి ఖాళీ కొంచెం పెద్దది చేశాను. నీడ కూడా కుడి పక్కకే వేశాను, కిందికి వేయలేదు. కిందికి వేస్తే అక్షరానికీ వత్తుకీ మధ్య సందు పసుపుతో మూసుకుపోతుంది.

"ఫ" అడుగున ఉండే చిన్న పుల్లని మాత్రం మామూలుకన్నా పొడుగు లాగాను. కౌంటరు దగ్గర పనిచేసే కుర్రాడు మొదట ఒంటిగీత చూసి "కాపీ అని ఉందన్నా" అన్నాడు. మళ్ళీ తనే, "మా ఊళ్ళో అనేది కూడా కాపీనే లే" అన్నాడు. అప్పటికి పుల్ల గీశాను గానీ గుమ్మం నుంచి చూస్తే ఒంటిలో కలిసిపోయింది. ఒంటికీ పుల్లకీ మధ్య ఒక వెంట్రుక సందు వదిలి, పుల్లని వత్తు గీత దాకా దించితే అప్పుడు విడిగా కనబడింది. "పొంగణాలు"లో "ణ"కి కూడా పక్క అక్షరాలకన్నా వెడల్పు ఎక్కువ ఇచ్చాను, లేకపోతే మెలికలు ఒకదాని మీద ఒకటి పడతాయి.

చెయ్యి ఆన్చుకోడానికి చివర గుడ్డ చుట్టిన కర్ర ఉంటే మణికట్టు రాసినదాన్ని చెరపదు. లోపలి ఖాళీల్లో రాలిన పొడిని చెవి బడ్స్‌తో తీశాను.

మంగళవారం రాత్రి, దీపాల కింద

ధరలకి పసుపు సుద్ద అనుకున్నాం. పగలు చూస్తే బాగుంది, తెల్ల పేరు, పసుపు అంకె. రాత్రి కెఫేలో వేసే దీపాలు పసుపు వెలుతురు ఇచ్చేవి. వాటి కింద తెల్ల సుద్దే పసుపుగా కనబడింది, తేడా మూడొంతులు పోయింది. ఫోన్‌లో ఫొటో తీసి రంగు తీసేసి చూస్తే పేరూ ధరా ఒకటే బూడిద. అయినా ధర వెంటనే దొరికింది, ఎందుకంటే అంకెలు పేర్ల ఒంటికన్నా కాస్త పొడుగు, అన్నీ ఒకే నిలువు గీతకి ఆనుకుని ఉన్నాయి. రంగు పోయినా మెట్లు నిలబడ్డాయా అన్నదే నా పరీక్ష. పసుపుని అలాగే ఉంచాను. ఎరుపు, నీలం సుద్దలు మాత్రం డబ్బాలోంచి తీయలేదు. నలుపు మీద అవి చదవడానికి పనికిరావు, డబరా గ్లాసు బొమ్మకి అంచు వేయడానికైతే సరే.

ధరల్ని పలక కుడి అంచుకి తోసేయలేదు. పేరుకీ అంకెకీ మధ్య జానెడు ఖాళీ ఉంటే కన్ను పై వరసకో కింది వరసకో జారిపోతుంది. అన్నిటికన్నా పొడుగైన పేరు గుంత పొంగణాలు, అది ముగిసిన చోటు నుంచి అంగుళంన్నర వదిలి అంకెల గీత పెట్టాను. మజ్జిగ లాంటి పొట్టి పేర్లకి మాత్రం చుక్కలు. ప్రతి అంకె ముందూ రూపాయి గుర్తు వేయలేదు. ఆ గుర్తు పదకొండుసార్లు వస్తే అంకెలకన్నా అదే ముందు కనబడుతుంది. అడుగున ఒక మూల "ధరలు రూపాయల్లో" అని ఒకసారి రాస్తే చాలు.

గుమ్మం దగ్గర నిలబడి కళ్ళు చికిలించి చూశాను. కాఫీ, 30, రెండు విభాగాలు. మిగతాది బూడిద చారలు. లైను చివర నుంచి దోశ, జ్యూస్ లాంటి పొట్టి మాటలు తెలుస్తున్నాయి, నన్నారి షర్బత్ తెలియడం లేదు. అనుకున్నది కూడా అంతే.

ట్యూబ్‌లైటు మెరుపు మాత్రం పై ఎడమ మూలలో పడుతోంది. పలక పై అంచు వెనక చెక్కముక్క పెట్టి ముందుకి ఒక వేలు వంచితే పోయింది.

శనివారం, వాడకంలో

దోశ పెనం గోడకి దూరమే గానీ నూనె ఆవిరి కింది వరసకి చేరుతోంది. వేలితో తాకితే జిడ్డు తెలుస్తుంది. జిడ్డు మీద పొడి సుద్ద పట్టదు, జారుతుంది. వారానికొకసారి ధరల నిలువు పట్టీని సబ్బునీళ్ళ గుడ్డతో, తర్వాత మంచినీళ్ళ గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే అంకెలు రాయమని అక్కకి చెప్పాను. తడి మీద రాస్తే అంకె ఆరి తడి సుద్దలా పట్టుకుంటుంది, మళ్ళీ పొడి డస్టర్‌కి లొంగదు.

మామిడి జ్యూస్ కాయలున్నన్నాళ్ళే. ఆ వరసలో వచ్చేదానికీ వత్తు ఉండొచ్చు, ఉండకపోవచ్చు, నాలుగు గీతల చోటు ఎలాగూ ఉంది.

అడుగున మిగిలిన రెండున్నర అంగుళాల పట్టీని ఆ రోజు ప్రత్యేకం కోసం వదిలాం. అది అక్క చేతిరాత. రోజూ నన్ను పిలవడం కుదిరే పని కాదు. ఆమె రాత బాగుంటుంది గానీ ఉన్న చోటంతా నింపేస్తుంది, మొదటిరోజు "ఉగ్గాని" విభాగాల పేర్లంత సైజులో వచ్చింది, గవత్తు ఫ్రేము చెక్క మీదికి ఎక్కింది. అందుకని పట్టీలో ఒక అంగుళం ఎడంతో రెండు సన్నగీతలు మార్కర్‌తో గీసి ఉంచాను, మూడడుగుల దూరం నుంచి తప్ప కనబడవు. ఒళ్ళు ఆ రెంటి మధ్యే ఉండాలి, గుడులూ వత్తులూ బయటికి వెళ్ళొచ్చు. నిన్న రాసిన "పెసర వడ" ఐటెములకన్నా ఒక పిసరు చిన్నగా, సరిగ్గా కూర్చుంది.